వెయ్యా, రెండు వేలా, ఐదు వేలా? సంఖ్యలు ఎందుకు తారుమారవుతాయి, ఫ్లాష్‌కార్డులతో ఎలా సరిచేసుకోవచ్చు

హెల్మెట్ లేకపోతే 1,000 రూపాయలు. ఇన్సూరెన్సు లేకపోతే 2,000. లైసెన్సు లేకపోతే 5,000. అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే 10,000. ఎల్ఎల్ఆర్ పరీక్షకు సిద్ధమయ్యేవాళ్లు ఈ పట్టికను రాత్రి పూట రెండుసార్లు చదివితే అంతా వచ్చేసినట్టే ఉంటుంది. రెండు రోజులాగి, పుస్తకం మూసి, వరుస మార్చి అడిగితే తడబాటు మొదలవుతుంది.

ఆ తడబాటులో ఒక విశేషం ఉంది. లైసెన్సు లేకుండా బండి నడిపితే జరిమానా ఎంత అని అడిగితే 7,300 అనేవాళ్లు ఉండరు. తప్పు చెప్పేవాళ్లు సాధారణంగా 2,000 అనో, 10,000 అనో అంటారు. అంటే వాళ్లు చెప్పే తప్పు జవాబు పట్టికలో మరోచోట ఒప్పు జవాబే. సంఖ్య బుర్రలోంచి చెరిగిపోలేదు, దాని చిరునామా మారిపోయింది. సంఖ్యలను గుర్తుపెట్టుకోవడంలో ఉన్న అసలు చిక్కు ఇదే. ఫ్లాష్‌కార్డులతో చదివేవాళ్లు చాలామంది దీన్ని గమనించకుండానే రోజుల తరబడి అవే కార్డులు తిప్పుతుంటారు.

ఒకే జబ్బుగా కనిపించే రెండు జబ్బులు

జ్ఞాపకశక్తిని కొలిచిన తొలి శాస్త్రవేత్తల్లో జర్మనీకి చెందిన హెర్మన్ ఎబింగ్‌హాస్ ముఖ్యుడు. అర్థం లేని అక్షర గుచ్ఛాలను జాబితాలుగా రాసుకుని, వాటిని తానే బట్టీపట్టి, కొంత సమయం తర్వాత మళ్లీ నేర్చుకోవడానికి ఎంత శ్రమ తగ్గిందో లెక్కగట్టాడు. ఆ ఫలితాలు 1885లో అచ్చయ్యాయి. గంట తిరిగేసరికి సగానికి పైగా పోయింది. ఒక రోజు తర్వాత మిగిలింది దాదాపు మూడో వంతు. నెల తర్వాత దాదాపు ఐదో వంతు. మొదట్లో నిటారుగా పడి, తర్వాత నెమ్మదిగా జారే ఈ గీతనే ఇప్పటికీ ‘మరపు వక్రరేఖ’ అని పాఠ్యపుస్తకాల్లో చూపిస్తారు.

ఒక్క రోజులోనే మూడింట రెండు వంతులు పోవడం ఏమిటి? ఈ ప్రశ్నను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బెంటన్ అండర్‌వుడ్ 1957లో తిరగదోడాడు. అప్పటిదాకా వేర్వేరు ప్రయోగశాలల్లో వచ్చిన ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పద్ధతి కనిపించింది. ప్రయోగంలో ఒకే ఒక్క జాబితా నేర్చుకున్నవాళ్లు మర్నాటికి మరిచిపోయింది సుమారు పావు వంతే. అంతకుముందే అలాంటి జాబితాలు చాలా నేర్చుకుని ఉన్నవాళ్లు మాత్రం ముప్పావు వంతు దాకా మరిచిపోయారు. ఎబింగ్‌హాస్ ఏళ్ల తరబడి అలాంటి జాబితాలు లెక్కలేనన్ని నేర్చుకున్నవాడు. ఆయన గీత అంత నిటారుగా పడటానికి కాలం ఒక్కటే కారణం కాదు, ముందు నేర్చుకున్న జాబితాలు కొత్త జాబితాకు అడ్డుపడటం కూడా ఒక కారణమన్నమాట.

దీన్నే ‘జోక్యం’ అంటారు. రెండు విషయాలు ఎంత ఒకేలా ఉంటే ఒకటి మరొకదాని దారిలోకి అంతగా వస్తుంది. ట్రాఫిక్ జరిమానాల కంటే దీనికి మంచి ఉదాహరణ దొరకడం కష్టం. ప్రశ్నలన్నీ ‘ఫలానాది చేస్తే ఎంత’ అనే మూసలో ఉంటాయి. జవాబులన్నీ 500, 1,000, 2,000, 5,000, 10,000 లాంటి గుండు సంఖ్యలే. వాటిలో ఒకదాన్ని ఒక నేరానికే కట్టిపడేసే కొక్కెం ఎక్కడా ఉండదు. చార్మినార్ కట్టిన ఏడాదిని గుర్తుపెట్టుకోవడం దీనికంటే తేలిక, ఎందుకంటే దాని చుట్టూ ఒక కథ ఉంది.

కాబట్టి ‘మరిచిపోయాను’ అనే ఒక్క మాట వెనక రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి వెలిసిపోవడం, అంటే అడిగితే ఏమీ తోచకపోవడం. రెండోది కలిసిపోవడం, అంటే అడిగితే పక్కింటి జవాబు రావడం. మొదటిదానికి మందు సరైన విరామంతో మళ్లీ గుర్తుచేసుకోవడం. రెండోదానికి ఆ మందు అంతగా పనిచేయదు. అక్కడ కార్డునే తిరగరాయాలి.

విరామం ఎంత ఉండాలి

స్పేస్‌డ్ రిపిటిషన్ అంటే విరామ పునశ్చరణ. ఒక కార్డు ముందువైపు ప్రశ్న, వెనకవైపు జవాబు రాస్తారు. జవాబును చూడకుండా చెప్పి, తర్వాత తిప్పి సరిచూసుకుంటారు. వచ్చిన కార్డు తిరిగి కనిపించే గడువు పెరుగుతూ పోతుంది, రాని కార్డు మళ్లీ మర్నాడే ఎదురవుతుంది. మరిచిపోవడానికి కొంచెం ముందు, గుర్తుచేసుకోవడానికి కాస్త కష్టపడాల్సిన సమయంలో అడిగితే ఆ జ్ఞాపకం గట్టిపడుతుంది. పదే పదే వెంటవెంటనే చూస్తే ఆ కష్టమూ ఉండదు, ఆ లాభమూ ఉండదు.

విరామం ఎంత అన్నది మనకు ఆ విషయం ఎప్పటిదాకా కావాలన్న దాన్ని బట్టి మారుతుంది. నికొలస్ సెపెడా, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో 1,300 మందికి పైగా పాల్గొన్నారు. వాళ్లు కొన్ని చిన్న చిన్న విషయాలను నేర్చుకుని, కొన్నాళ్ల విరామం తర్వాత ఒకసారి నెమరువేసుకుని, ఆ తర్వాత పరీక్ష రాశారు. నెమరువేసిన వారం తర్వాత పరీక్ష అయితే ఒక రోజు విరామం బాగా పనిచేసింది. 35 రోజుల తర్వాత పరీక్ష అయితే 11 రోజుల విరామం, దాదాపు ఏడాది తర్వాత పరీక్ష అయితే మూడు వారాల విరామం మంచి ఫలితం ఇచ్చాయి. వచ్చే సోమవారం ఎల్ఎల్ఆర్ పరీక్ష పాసైతే చాలనుకునేవాళ్లకూ, ఏడాది తర్వాత రోడ్డు మీద కూడా గుర్తుండాలనుకునేవాళ్లకూ ఒకే షెడ్యూలు సరిపోదని దీని అర్థం.

ఆచరణలో ఇంత లెక్క అవసరం లేదు. జర్మన్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన పెట్టెల పద్ధతికి మూడు ఖాళీ అట్టపెట్టెలు చాలు. మొదటి పెట్టెలోని కార్డులను రోజూ చూడాలి. రెండో పెట్టెలోవి మూడు రోజులకోసారి, మూడో పెట్టెలోవి వారానికోసారి. సరిగ్గా చెబితే కార్డు తర్వాతి పెట్టెలోకి వెళ్తుంది. తప్పితే ఏ పెట్టెలో ఉన్నా మొదటి పెట్టెకే తిరిగి వస్తుంది. ఫోన్‌లో చేసుకునేవాళ్లకు ఆంకీ లాంటి ఉచిత యాప్‌లు ఉన్నాయి. పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ 1987లో రూపొందించిన ఎస్ఎం-2 అనే లెక్క ఇలాంటి యాప్‌లు చాలావాటికి మూలం. అందులో మొదటి గడువు 1 రోజు, రెండోది 6 రోజులు, ఆ తర్వాత ప్రతిసారీ సుమారు రెండున్నర రెట్లు. తప్పు లేకుండా సాగితే 1, 6, 15, 38 రోజులన్నమాట.

ఈ పెరుగుదలలో ఒక చిన్న ఇబ్బంది ఉంది. మన పరీక్ష తేదీ ఎప్పుడో యాప్‌కు తెలియదు. 15 రోజుల గడువు దాటిన కార్డు తర్వాత 38 రోజులకు గానీ రాదు, పరీక్ష ఈలోపే అయిపోవచ్చు. అందుకే పరీక్ష ముందు రోజు గడువులతో పని లేకుండా కట్ట మొత్తాన్ని ఒకసారి కలిపి తిరగేయడం మంచిది.

ఒక కార్డు వెంట ఇరవై రోజులు

ఇరవయ్యో రోజున పరీక్ష ఉన్న ఒక అభ్యర్థిని ఊహించుకుందాం. 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టంలోని జరిమానాలతో ఆమె కార్డులు రాసుకుంది. ‘లైసెన్సు లేకుండా వాహనం నడిపితే ఎంత?’ అన్నది అందులో ఒకటి. వెనకవైపు 5,000 అని ఉంది.

మొదటి రోజు నేర్చుకుంది. రెండో రోజు సరిగ్గా చెప్పింది, కార్డు రెండో పెట్టెకు వెళ్లింది. మూడు రోజుల తర్వాత, అంటే ఐదో రోజున, 2,000 అని తప్పు చెప్పింది. కార్డు మొదటి పెట్టెకు వచ్చింది. ఆరో రోజు మళ్లీ ఒప్పు. తొమ్మిదో రోజు మళ్లీ 2,000. చాలామంది ఇక్కడ చేసేది ఒకటే, మళ్లీ మొదటి పెట్టెలో వేసి మర్నాడు ఇంకోసారి చూడటం. మర్నాడు వస్తుంది కూడా. ఎందుకంటే నిన్న రాత్రి చూసిన జవాబు ఇంకా పచ్చిగానే ఉంటుంది. మూడు రోజుల విరామం రాగానే మళ్లీ పాత కథే.

ఈ అభ్యర్థి చేసిన మంచి పని ఒకటుంది. తప్పు చెప్పిన ప్రతిసారీ తాను చెప్పిన తప్పు జవాబును కార్డు వెనక పెన్సిల్‌తో రాసుకుంది. ఇంత చిన్న అలవాటే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే పనికొచ్చే పరికరం. ఐదో రోజు 2,000, తొమ్మిదో రోజు 2,000 అని పక్కపక్కన కనిపించగానే సంగతి తేలిపోయింది. జవాబు వెలిసిపోలేదు, ఇన్సూరెన్సు కార్డుతో కలిసిపోయింది. ‘లైసెన్సు లేకుండా’, ‘ఇన్సూరెన్సు లేకుండా’ అని రెండు ప్రశ్నలూ కాగితం లేకపోవడం గురించే కదా. పెన్సిల్ గీతల చోట ప్రతిసారీ ‘ఏమీ తోచలేదు’ అని ఉంటే వైద్యం వేరేగా ఉండేది, విరామం తగ్గించుకుంటే సరిపోయేది.

ఆంకీలో దీనికి ఒక పేరు ఉంది. ఎనిమిదిసార్లు తప్పిన కార్డుకు యాప్ ‘జలగ’ అనే అర్థమొచ్చే ముద్ర వేసి పక్కన పెడుతుంది, అది మన సమయాన్ని పీల్చేస్తుంది కాబట్టి. పేరు బాగుంది గానీ ఎనిమిది ఎక్కువే. తప్పు జవాబు రాసుకుంటే రెండోసారికే జలగ దొరికిపోతుంది, అది ఎవరి రక్తం తాగుతోందో కూడా తెలుస్తుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం ఆమె కార్డును తిరగరాసింది. ముందు రెండు సంఖ్యలకూ కొక్కేలు వెతికింది. చట్టంలోనే అవి దొరికాయి. లైసెన్సు లేకుండా నడిపినవాళ్లకు 5,000 అయితే, లైసెన్సు లేనివాళ్ల చేతికి బండి ఇచ్చిన యజమానికీ 5,000 జరిమానా పడొచ్చు. అంటే ఈ సంఖ్య ఇచ్చినవాళ్లకూ, పుచ్చుకున్నవాళ్లకూ సమానం. ఇన్సూరెన్సు సంగతి వేరు. అక్కడ మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000, అంటే రెట్టింపయ్యే సంఖ్య. ఇప్పుడు ఒకదానికి జంట మనుషులు, మరోదానికి జంట సార్లు తోడయ్యాయి. పాత కార్డు స్థానంలో రెండు కొత్తవి వచ్చాయి. ఒకటి: ‘లైసెన్సు లేని తమ్ముడికి అన్న బండి ఇచ్చాడు. ఎవరెవరికి ఎంత?’ రెండోది: ‘లైసెన్సు లేకపోవడం, ఇన్సూరెన్సు లేకపోవడం. మొదటిసారి దొరికితే దేనికి ఎక్కువ? రెండూ చెప్పు.’ పదో రోజు, పదమూడో రోజు ఇవి సరిగ్గానే వచ్చాయి. ఇక మూడో పెట్టెలోంచి బయటికొచ్చే రోజు పరీక్ష రోజే.

రెండో కార్డు మీద మరో మాట. కలిసిపోయే రెండు విషయాలను దూరందూరంగా పెడితే మంచిదని సహజంగా అనిపిస్తుంది. నిజానికి తేడా తెలియాలంటే అవి పక్కపక్కనే కనిపించాలి. హెల్మెట్, సీటు బెల్టు విషయం చూడండి. రెండింటికీ 1,000 రూపాయలే. కానీ హెల్మెట్ లేకపోతే మూడు నెలల పాటు లైసెన్సుకు అనర్హత కూడా చట్టంలో ఉంది, సీటు బెల్టుకు అది లేదు. విడివిడి కార్డులుగా రాస్తే ఈ తేడా ఎప్పటికీ కనబడదు. ‘రెండింటికీ వెయ్యే, మరి దేనికి లైసెన్సు కూడా పోతుంది?’ అని ఒకే కార్డు మీద అడిగితే పోల్చుకోక తప్పదు.

కలపకూడనివి కూడా ఉన్నాయి. ‘మద్యం తాగి నడిపితే శిక్ష?’ అని రాస్తే వెనకవైపు నాలుగు సంఖ్యలు రాయాలి. మొదటిసారి 6 నెలల దాకా జైలు, 10,000 జరిమానా. మళ్లీ చేస్తే 2 ఏళ్లు, 15,000. ఇందులో మూడు చెప్పి ఒకటి మరిచిపోతే కార్డు వచ్చినట్టా, రానట్టా? మనకు మనమే మార్కులు వేసుకునేటప్పుడు సాధారణంగా వచ్చినట్టే లెక్కేస్తాం, తప్పిన నాలుగోది వారాల తరబడి తప్పుగానే ఉండిపోతుంది. ఒక కార్డుకు ఒకే ప్రశ్న ఉండాలన్న నియమం అందుకే. రక్తంలో మద్యం పరిమితి కూడా ఇలాంటిదే. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు అన్నది జవాబు. వట్టి ‘30’ అని చెప్పి ఊరుకుంటే నెల తిరిగేసరికి ఆ 30 దేనిదో తెలియకుండా పోతుంది. ప్రమాణంతో సహా, పైకి చెప్పాకే కార్డు తిప్పాలి.

పదహారు సంఖ్యలను ఆరుకు తగ్గించడం

వేగ పరిమితుల పట్టికను చూడగానే కార్డులు రాయాలనిపిస్తుంది. 2018 ఏప్రిల్‌లో కేంద్రం నోటిఫై చేసిన గరిష్ఠ వేగాల్లో నాలుగు రకాల రోడ్లున్నాయి. ప్రవేశ నియంత్రణ ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే, మధ్యలో డివైడరు ఉన్న నాలుగు లేన్లు లేదా అంతకు మించిన రోడ్డు, పురపాలక ప్రాంతంలోని రోడ్డు, మిగతావి. వాహనాల్లో కారు, బస్సు, సరకు రవాణా వాహనం, మోటారుసైకిల్ తీసుకుందాం. నాలుగు నాలుగులు పదహారు. పదహారు గళ్లకు పదహారు కార్డులు రాస్తే జోక్యానికి మనమే పందిరి వేసినట్టు.

కార్డు రాసేముందు పట్టికను కాసేపు చూస్తూ కూర్చోవాలి. కారుకు వరుసగా గంటకు 120, 100, 70, 70 కిలోమీటర్లు. బస్సుకు 100, 90, 60, 60. సరకు వాహనానికి 80, 80, 60, 60. మోటారుసైకిల్‌కు కూడా 80, 80, 60, 60. చివరి రెండు గళ్లు ఎవరికైనా ఒకటే, కాబట్టి ఊళ్లోని రోడ్డు, మిగతా రోడ్డు అని వేరుచేసి అడగక్కర్లేదు. లారీ, బైకు కవలలు, కాబట్టి ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే. మిగిలినవి: ఊళ్లో కారుకు 70, మిగతా ముగ్గురికీ 60. పెద్ద రోడ్లు రెండింటి మీదా లారీకి, బైకుకు 80. కారుకు 120, 100. బస్సుకు 100, 90. మొత్తం ఆరు కార్డులు సరిపోతాయి. బైకులను అసలు అనుమతించని ఎక్స్‌ప్రెస్‌వేలు చాలా ఉన్నాయి, అనుమతి ఉన్నచోటే ఆ 80 వర్తిస్తుంది.

ఈ ఆరింటిలో ఏది జలగ అవుతుందో ముందే ఊహించవచ్చు. 100 రెండుచోట్ల కనిపిస్తుంది. నాలుగు లేన్ల రోడ్డు మీద కారుకు, ఎక్స్‌ప్రెస్‌వే మీద బస్సుకు. తప్పు జరిగితే ఇక్కడే జరుగుతుంది. అందుకే ఏడో కార్డు ఒకటి తిరగేసి రాసుకోవడం మేలు: ‘100 అని రెండుచోట్ల ఉంది. ఏ వాహనానికి, ఏ రోడ్డు మీద?’ ఇలా జవాబు నుంచి ప్రశ్నకు వెళ్లే కార్డుకు మరో ఉపయోగమూ ఉంది. కొన్నాళ్లు తిప్పాక కార్డు రూపాన్ని బట్టే జవాబు వచ్చేస్తుంటుంది. మూల నలిగిన కార్డుకు 90, రెండు వరుసల ప్రశ్నకు 80 అన్నట్టు. అప్పుడు మనకు గుర్తున్నది వేగం కాదు, అట్టముక్క. అదే ప్రశ్నను వేరే మాటల్లో మరొకరితో అడిగించుకుంటే, లేదా తిరగేసి అడిగితే, ఆ మోసం వెంటనే బయటపడుతుంది.

కార్డు మీద రాయకూడని సంఖ్యలు

దూరాల దగ్గరికి వచ్చేసరికి పని మారుతుంది. కొన్ని దూరాలకు బొమ్మే కొక్కెం. రైల్వే లెవెల్ క్రాసింగ్ హెచ్చరిక గుర్తు కింద రెండు అడ్డగీతలుంటే 200 మీటర్లు, ఒకటే ఉంటే 50 నుంచి 100 మీటర్లు. దగ్గరవుతున్నకొద్దీ గీతలు తగ్గుతాయి. కార్డు ముందు మాటలు రాయకుండా ఆ గీతలే గీస్తే చాలు.

బండి ఆగే దూరాలను మాత్రం పట్టికగా బట్టీపట్టడం దండగ. రోడ్లను రూపొందించే ఇంజనీర్లు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం, డ్రైవరుకు ముందు కనీసం ఎంత దూరం కనబడాలో లెక్కిస్తారు. గంటకు 50 కిలోమీటర్ల వేగానికి అది 60 మీటర్లు. 100 కిలోమీటర్లకు 180 మీటర్లు. వేగం రెట్టింపయింది, దూరం మూడు రెట్లయింది. ఎందుకో తెలిస్తే మధ్యలోని సంఖ్యలు తమంతట తామే వస్తాయి.

ఆగే దూరంలో రెండు భాగాలుంటాయి. ప్రమాదాన్ని చూసి, గ్రహించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేదాకా బండి అదే వేగంతో పోతుంది. ఆ ప్రమాణంలో దీనికి రెండున్నర సెకన్లు ఇస్తారు. బ్రేకు పడ్డాక, టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ బండిని ఆపాలి. సూత్రంగా రాస్తే ఇంతే:

d = vt + v²/(2μg)

మొదటి భాగంలో వేగం ఒక్కసారే ఉంది, రెండోదానిలో వర్గం అయింది. 50 కిలోమీటర్ల వేగంలో రెండున్నర సెకన్లకు సుమారు 35 మీటర్లు పోతాం. బ్రేకు వేశాక దాదాపు 27 మీటర్లు. కలిపితే 60కి కాస్త ఎక్కువ. వేగాన్ని రెట్టింపు చేస్తే 35 కాస్తా 70 అవుతుంది, 27 మాత్రం నాలుగింతలై 108 అవుతుంది. మొత్తం 178. వేగం పెరిగినకొద్దీ ఘర్షణ గుణకాన్ని కొద్దిగా తగ్గించి లెక్కేస్తారు కాబట్టి 180 దగ్గర నిలుస్తుంది. ఇక్కడ రాయాల్సిన కార్డులు రెండే. ‘50 వేగంలో రెండు భాగాలు ఎంతెంత?’ అని ఒకటి. ‘వేగం రెట్టింపయితే ఏ భాగం ఎన్ని రెట్లు?’ అని మరొకటి. ఏడెనిమిది వేగాలకు ఏడెనిమిది కార్డులు రాసుకున్నవాళ్లకు వచ్చేది ఒకదానితో ఒకటి కలిసిపోయే మరో కట్ట మాత్రమే.

మారిపోయే సంఖ్యలు

జరిమానాలు, వేగాలు భౌతిక శాస్త్ర స్థిరాంకాలు కావు. హైదరాబాద్ నెహ్రూ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ వేగాన్ని 2023లో 100 నుంచి 120కి పెంచారు. ఏళ్ల తరబడి 100 చూసిన డ్రైవర్లకు కొత్త సంఖ్య నేర్చుకోవడం కంటే పాతదాన్ని తప్పించుకోవడమే కష్టం. అండర్‌వుడ్ పట్టుకున్నది సరిగ్గా ఈ సంగతినే, ముందు నేర్చుకున్నది వెనక వచ్చినదానికి అడ్డుపడుతుంది. ఇలాంటప్పుడు పాత కార్డు మీదే కొట్టేసి కొత్త సంఖ్య రాయడం తప్పు పద్ధతి, ఆ కార్డును చూడగానే కొట్టేసిన సంఖ్యే ముందు మెదులుతుంది. కార్డును చించేసి, ‘ఓఆర్ఆర్ మీద 2023లో ఏది ఏదిగా మారింది?’ అని మార్పునే ప్రశ్నగా అడిగే కొత్త కార్డు రాయాలి. అప్పుడు పాత సంఖ్యకు ‘పాతది’ అనే చీటీ అంటుకుంటుంది.

జరిమానాల్లో ఇంకో మెలిక ఉంది. చట్టంలో రాసినది ఒకటి, రోడ్డు మీద చలానాగా వసూలు చేసేది మరొకటి కావచ్చు. కోర్టుకు వెళ్లకుండా అక్కడికక్కడే కట్టే రాజీ రుసుమును నిర్ణయించే అధికారం అదే చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది, అందుకే రాష్ట్రానికీ రాష్ట్రానికీ తేడా ఉంటుంది. ఫోన్‌కు వచ్చిన చలానాలోని మొత్తం చూసి కార్డు తప్పనుకుని దిద్దేస్తే పరీక్షలో నష్టపోతారు. వేగాల విషయంలోనూ అంతే. పైన చెప్పిన 2018 నోటిఫికేషన్‌ను మద్రాసు హైకోర్టు 2021లో కొట్టేసింది. ఆ నోటిఫికేషన్‌లో ఉన్నవి గరిష్ఠ పరిమితులే, స్థానిక అధికారులు అంతకంటే తక్కువ పెట్టవచ్చు. ఎదురుగా బోర్డు ఉంటే దాని మీద ఉన్నదే లెక్క.

అందుకే ప్రతి కార్డు ముందువైపు ఒక మూలలో ఆ సంఖ్య ఎక్కడిదో ఉండాలి. ‘2019 సవరణ చట్టం’, ‘2018 కేంద్ర నోటిఫికేషన్’, ‘మా రాష్ట్ర చలానా’ అన్నట్టు. దాన్ని వెనకవైపు రాస్తే లాభం లేదు, ప్రశ్నలో భాగం కావాలి. ‘హెల్మెట్ లేకపోతే ఎంత?’ అన్న ప్రశ్నకు రెండు ఒప్పు జవాబులు ఉండొచ్చు. ‘2019 చట్టం ప్రకారం ఎంత?’ అంటే జవాబు 1,000 ఒక్కటే. ఎల్ఎల్ఆర్ పరీక్షలో కనీసం 60 శాతం ప్రశ్నలకు సరైన జవాబు ఇవ్వాలి. ఆ పరీక్షలో ఒప్పు జవాబు పక్కన కనిపించే మిగతా ఎంపికలు కూడా సాధారణంగా ఇదే కట్టలోని సంఖ్యలే. చివరి మూడు నాలుగు రోజులు కార్డు వెనక పెన్సిల్‌తో రాసుకున్న తప్పు జవాబులనే ఎంపికలుగా పెట్టి, ఇంట్లో ఎవరితోనైనా అడిగించుకుంటే అసలు ప్రశ్నపత్రానికి దగ్గరగా ఉండే నమూనా తయారవుతుంది.